అడ్వాన్స్ అడిగితే ఓనర్ ఫోటోలు, బిల్లులు పంపాడు: మేము వాటిని ఎట్లా చదివామంటే

పోస్టు కొంచెం పెద్దది. బాడుగ రూముల్లో ఉండి చదువుకునేవాళ్లు తీరిగ్గా చదవండి.

మేము ఐదుగురం, మడకశిర చుట్టుపక్కల సుగాలి తండాలవాళ్లం. హాస్టల్ సీటు రాకముందు మడకశిర టౌన్‌లో రెండు గదుల ఇంట్లో బాడుగకు ఉన్నాం. నెలకు 3,000 బాడుగ, 15,000 అడ్వాన్స్. మా అమ్మానాన్నలు బెంగళూరు బిల్డింగ్ పనుల్లో సంపాదించిన కూలి డబ్బులోంచి ఇంటికి మూడు వేలు వేసుకుని కట్టారు. 23 నెలలు ఉండి, 2025 ఏప్రిల్ 30న తాళంచెవులు ఇచ్చేశాం. జూన్ చివర్లో "సార్, మా అడ్వాన్స్ ఎప్పుడిస్తారు" అని మెసేజ్ పెడితే, వారానికి రిప్లై వచ్చింది. ఆరు ఫోటోలు, నాలుగు బిల్లులు, కింద ఒక లెక్క.

పెయింటింగ్ 6,500. వాష్ బేసిన్ 2,900. మోటార్ రిపేరులో మా వంతు 2,600. తలుపు తాళం 650. చివరి కరెంటు బిల్లు 740. మొత్తం 13,390. "మిగిలింది 1,610, వచ్చి తీసుకుపోండి" అని రాశాడు. దాని కింద ఇంకో మాట: "తండావాళ్లకు ఇల్లిస్తే ఇంతే."

ఆ మాట చదివాక మాలో ఇద్దరు "ఆ డబ్బే వద్దురా, వదిలేద్దాం" అన్నారు. కానీ ఒక సంగతి చూడండి. లెక్కలోని ప్రతి లైనుకూ ఆయన ఒక ఫోటోనో, బిల్లో పెట్టాడు. ఆ మాటకు మాత్రం ఫోటో లేదు, బిల్లు లేదు. అందుకే దానికి జవాబు రాయకూడదని, ఫోటోలకు, బిల్లులకే రాయాలని అనుకున్నాం.

ముందు మాకు తెలియాల్సింది ఒకటే. అడ్వాన్స్‌లోంచి ఓనర్ దేనికి పట్టుకోవచ్చు? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం, బాడుగకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. కానీ మామూలుగా వాడితే వచ్చే అరుగుదల దీనికి లెక్కలోకి రాదు. అంటే రంగు వెలిస్తే అది అరుగుదల, తలుపు పగిలితే అది నష్టం. ఓనర్ రిప్లైలో చాలాసార్లు ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడమే మన పని.

కరెంటు బిల్లుతో మొదలుపెట్టాం. మీటరు నంబరు మాదే, రీడింగు మేము ఖాళీ చేసిన రోజుదే. 740 పూర్తిగా మాది. న్యాయంగా ఉన్నదాన్ని ముందే ఒప్పుకుంటే మిగతా మాటలకు విలువ ఉంటుంది.

బేసిన్ ఫోటోలో పగులు స్పష్టంగా ఉంది. చేరిన రోజు మేము తీసుకున్న ఫోటోలో పగులు లేదు. కాబట్టి అదీ మా లెక్కే. కానీ బిల్లులో ఏముందో చూస్తే బేసిన్ 1,500, కింద స్టాండు 1,000, ప్లంబర్ కూలి 400. పాత బేసిన్ గోడకు బిగించింది, దానికి స్టాండే లేదు. పోయిన వస్తువుకు మనం డబ్బు ఇవ్వాలి గానీ, ఓనర్ కొత్తగా పెట్టుకున్న దానికి కాదు. 1,900 ఒప్పుకున్నాం.

మోటార్ విషయంలో తేదీ చూస్తే సరిపోయింది. వైండింగ్ షాపు బిల్లు జూన్ 12ది. మేము వెళ్లాక ఆరు వారాలు ఆ మోటార్ నడిచింది. పైగా అది మూడు ఇళ్లకు నీళ్లిచ్చే బోరు మోటార్. వోల్టేజీ పడిపోయినా, బోరులో నీళ్లు తగ్గి మోటార్ ఉత్తగా తిరిగినా కాయిల్ కాలిపోతుంది. మన వైపు బోర్ల సంగతి మీకు తెలిసిందే. బిల్లు నిజమే, రిపేరు నిజమే, కానీ దానికీ మాకూ సంబంధం లేదు. సున్నా.

తాళం ఫోటో చూసి మేమే ఆశ్చర్యపోయాం. పాత తాళం టేబుల్ మీద ఉంది, దాంట్లో మేము తిరిగిచ్చిన తాళంచెవి పెట్టి ఉంది. పోని తాళానికి, పాడవని తాళానికి డబ్బెందుకు? కొత్తగా వచ్చేవాళ్ల కోసం మార్చుకుంటే అది ఆయన జాగ్రత్త. అదీ సున్నా.

ఇక పెయింటింగ్. పెద్ద మొత్తం ఇదే. మూడు ఫోటోలు దీనివే, మూడూ మూడు రకాలు. ఒకదాంట్లో మంచాలు ఆనుకున్న చోట గోడ మాసింది. అది అరుగుదల. రెండోదాంట్లో చెమ్మ మరక. అది మిద్దె మూలనుంచి మొదలై కిందికి దిగింది, అంచుల్లో తెల్లగా ఉప్పు పొర ఉంది. అంటే నీళ్లు పైనుంచి దిగాయి. అది మిద్దె రిపేరు, ఓనర్ పని. మూడోదాంట్లో ఒక గోడకు టేపుతో పాటు పెయింట్ ఊడింది. ఇది మాత్రం నష్టం.

దానికి ఎంత? రెండు గదులకు ఎనిమిది గోడలు. 6,500లో ఒక గోడ వంతు దాదాపు 800. అది కూడా మొత్తం కాదు. మేము చేరేటప్పుడు "పెయింట్ వేసి రెండేళ్లయింది" అని ఓనరే చెప్పాడు. మా 23 నెలలు కలిపితే దాదాపు నాలుగేళ్లు. పెయింట్ ఐదేళ్లు నిలుస్తుందనుకుంటే మిగిలిన ఆయుష్షు ఐదో వంతు. 800లో ఐదో వంతు 160. మేము 200 రాశాం. ఇది చట్టంలో ఉన్న సూత్రం కాదు, న్యాయంగా పంచుకునే పద్ధతి. ఐదేళ్లు కాదు ఏడేళ్లు అని ఓనర్ వాదించొచ్చు, అందుకే ఈ లైనులో బేరానికి చోటుంటుంది.

మొత్తం మేము ఒప్పుకున్నది 740, 1,900, 200 కలిపి 2,840. తిరిగి రావాల్సింది 12,160. ఆయన రాసిన వరుసలోనే ఒక్కో లైనుకు ఒక్కో జవాబు, పక్కన మా ఫోటోలు పెట్టి పంపాం. ఇంకో విషయం, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో అది తీసిన తేదీ వివరం పోతుంది. అందుకే ఆయన ఫోటోలను డాక్యుమెంట్‌గా పంపమని అడిగాం. మావి అట్లాగే పంపాం.

పది రోజులు జవాబు లేదు. అప్పుడు కోర్టు దగ్గరుండే మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లాం. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం. కుల ధ్రువీకరణ పత్రం, అడ్వాన్స్ కట్టిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్, మెసేజ్‌ల ప్రింట్లు ఇచ్చాం. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకునే పద్ధతి ఉంది, ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. కానీ ఓనర్ ఒప్పుకోకపోతే వాళ్లు బలవంతంగా ఇప్పించలేరు, అప్పుడు కోర్టులో దావానే దారి.

నోటీసు అందాక ఓనరే ఫోన్ చేశాడు. మోటార్, తాళం, బేసిన్ స్టాండు వదిలేశాడు. పెయింట్‌కు వెయ్యి రూపాయలు కావాల్సిందేనన్నాడు. దానికి ఒప్పుకున్నాం. 3,640 పోగా 11,360 వచ్చింది. ఇంటికి 2,272 చొప్పున పంపించాం. ఆ చివరి మాట గురించి ఆయన ఎత్తలేదు, మేమూ అడగలేదు. అది మాత్రం ఇంకా బాకీయే.

రూములో చేరబోయేవాళ్లు సామాన్లు దించకముందే గోడలు, బేసిన్, స్విచ్చులు, మీటరు ఫోటోలు తీసి ఆ రోజే ఓనర్‌కు పంపండి. బేసిన్ సంగతిలో మా ఫోటో మాకు ఎదురుగానే నిలబడింది, అయినా మిగతా లెక్కను నమ్మించింది అదే. ఇట్లాంటి రిప్లై ఎవరికైనా వచ్చుంటే పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, కూర్చుని లైను లైను చూద్దాం. న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100.