లెక్క సరిపోయింది... కానీ తప్పింది!

"మొత్తం సరిపోయిందా?" ఇంట్లో ఏ లెక్క చూసినా నేను అడిగే మొదటి మాట ఇదే. పాల లెక్కయినా, సరుకుల చీటీ అయినా అంతే. ఆ అలవాటే మొన్న మా అమ్మాయిని తప్పుదారి పట్టించింది.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి లెక్కల పుస్తకం బడిలో మర్చిపోయి వచ్చింది. పక్కింటి అమ్మాయి బల్ల మీదున్న తన పుస్తకాన్ని కూర్చున్నచోటి నుంచే ఫోటో తీసి నా ఫోనుకి పంపింది. అందులో ఒక పై చార్టు ఉంది. 72 ఇళ్ళలో పొద్దున్నే ఏ టిఫిను చేస్తారో అడిగి, ఇడ్లీ, దోసె, ఉప్మా, పూరీ అని గుండ్రంగా నాలుగు ముక్కలు గీశారు. ఏ ముక్క ఎన్ని డిగ్రీలు, ఎన్ని ఇళ్ళు, ఎంత శాతం అన్నది ప్రశ్న.

జిరాక్సు షాపులో ఆ ఫోటోని ప్రింటు తీయించాం. అమ్మాయి కోణమానిని పెట్టి కొలిచింది. ఇడ్లీ 155, దోసె 79, ఉప్మా 72, పూరీ 54 డిగ్రీలు వచ్చాయి. కూడితే సరిగ్గా 360. "భేష్!" అన్నాను.

360 డిగ్రీలకి 72 ఇళ్ళంటే ఇంటికి 5 డిగ్రీలు. ఆ లెక్కన ఇడ్లీ 31 ఇళ్ళు. దోసె 15.8, ఉప్మా 14.4, పూరీ 10.8 వచ్చాయి. "పాయింటు ఎనిమిది ఇల్లు ఎక్కడుంటుందమ్మా?" అంది అమ్మాయి. "కొలిచేటప్పుడు ఒక డిగ్రీ అటూ ఇటూ అవడం మామూలేలే. 16, 14, 11 అని వేసెయ్. 31తో కలిపితే 72 వచ్చిందా లేదా?" అన్నాను. వచ్చింది కూడా!

"దోసె ముక్క దగ్గర లంబకోణం గుర్తు ఉందమ్మా. 90 రావాలి కదా, 79 వచ్చిందేం?" అని మళ్ళీ అడిగింది. వంటింట్లో పోపు మాడుతోంది. "మొత్తం సరిపోయాక ఇంకా అనుమానాలెందుకే?" అని కసురుకున్నాను. పాపం, నోరు మూసుకుని రాసేసింది.

మర్నాడు నోటుబుక్కు నిండా ఎర్రసిరా గీతలే! అసలు పుస్తకంలో కొలిస్తే ఇడ్లీ 150, దోసె 90, ఉప్మా 60, పూరీ 60. అంటే 30, 18, 12, 12 ఇళ్ళు. ఉప్మా, పూరీ సమానమే అయినా మా ప్రింటులో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది!

అప్పుడు ప్రింటు మీద స్కేలు పెట్టి చూశాం. వలయం అడ్డంగా 10 సెంటీమీటర్లు, నిలువుగా 8. ఫోను వాల్చి తీయడంతో గుండ్రటిది కోడిగుడ్డులా అణిగిపోయింది. దాంతో కొన్ని కోణాలు విచ్చుకున్నాయి, కొన్ని ముడుచుకున్నాయి. మొత్తం మాత్రం 360 తప్పలేదు. ఎందుకంటే మధ్య బిందువు చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తే, బొమ్మ ఎంత వంకరైనా 360 వచ్చి తీరుతుంది. ఒక ముక్క పోగొట్టుకున్నది ఇంకో ముక్కకి చేరుతుంది. కూరగాయల ఖర్చులో పది ఎక్కువ రాసి, పాల ఖర్చులో పది తక్కువ రాస్తే నెలాఖరు మొత్తం సరిపోయినట్టే!

అందుకే ముందు వలయం అడ్డం, నిలువు సమానమో కాదో కొలవాలి. లేకపోతే ఫోనుని పుస్తకానికి సరిగ్గా పైన, సమంగా పట్టుకుని మళ్ళీ తీయాలి. పుస్తకం అందుబాటులో లేకపోతే మా అమ్మాయి టీచరు చెప్పిన ఉపాయం ఉంది. మధ్య బిందువు మీదుగా ఒక అడ్డగీత గీసి, ప్రతి గీత చివర దానికి ఎంత ఎత్తులోనో, ఎంత కిందనో కొలవాలి. ఆ దూరాన్ని 10/8తో పెంచాలి. పక్కకి ఉన్న దూరం మార్చకూడదు. మా ప్రింటులో ఇడ్లీ గీత చివర 2 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, అది 2.5 అయింది. మళ్ళీ కొలిస్తే 150 వచ్చింది! అయితే ఫోటోని మరీ దగ్గర నుంచి, బాగా వాల్చి తీస్తే ఈ ఉపాయమూ పూర్తిగా పనిచేయదు.

శాతాల దగ్గర ఇంకో తమాషా. 42, 25, 17, 17 కూడితే 101! ఈసారి మొత్తం కలవకపోయినా లెక్క తప్పు కాదు. 41.67ని 42గా, 16.67ని 17గా పెంచి రాయడం వల్ల వచ్చిన తేడా అది. భిన్నాల్లో 41 2/3, 25, 16 2/3, 16 2/3 అని వేసుకుంటే సరిగ్గా వంద. 17ని 16 చేసి వంద అనిపించవద్దని, పక్కన కారణం రాయమని ఈసారి నేనే చెప్పాను.

"నిన్న నువ్వడిగిన ప్రశ్నే సరైనదమ్మా" అని కూడా చెప్పాను. అది నవ్వి, "పోపు మాడిందిగా, పోనీలే" అంది.