ఓటీపీ ఎవరింటికి వెళుతోంది?

ఏమండీ, కబుర్లలోకి దిగేముందు ఓ చిన్న పని. ఫోన్ తీసి సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. కిందికి జరుపుతూ పోతే Google అని కనిపిస్తుంది. అందులో Manage your Google Account, దాని లోపల Security. అక్కడ Recovery phone అనీ, Recovery email అనీ రెండు వరసలుంటాయి. వాటి ఎదురుగా ఏముందో ఒకసారి చూసుకుని రండి. నేనెక్కడికీ పోను.

చూశారా? చాలామందికి మొదటి దాంట్లో చేతిలో ఉన్న ఫోన్ నంబరే ఉంటుంది. రెండోదాంట్లో ఫోన్ కొన్న రోజున షాపు కుర్రాడు టకటకా సృష్టించి పెట్టిన మెయిలేదో ఉంటుంది, లేదా అసలేమీ ఉండదు. ఫోన్ జేబులో ఉన్నన్నాళ్ళూ దీనివల్ల ఇబ్బందేమీ లేదు. అది పోయిన రోజునే కథ మొదలవుతుంది.

మా వదిన ఫోన్ విజయవాడ నుంచి ఏలూరు వచ్చే బస్సులో పోయింది. ఇంటికొచ్చి మా అన్నయ్య ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. గూగుల్‌లోకి వెళితే ఫోన్ ఎక్కడుందో మ్యాపులో చూడొచ్చు, దూరం నుంచే తాళం వెయ్యొచ్చు. పాస్‌వర్డ్ అడిగింది. ఫోన్‌లో ఎప్పుడూ తెరిచే ఉండే అకౌంటుకి పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? సరే, మర్చిపోయానని నొక్కింది. చివరి రెండంకెలు మాత్రం చూపించి, ఆ నంబరుకి కోడ్ పంపుతానంది. ఆ నంబరు బస్సులో పోయిన ఫోన్‌లోనే ఉంది. ఇంకో దారి చూపించమంటే మెయిల్‌కి పంపుతానంది.

"ఆ మెయిలు ఎవరిది వదినా?" అన్నాను.

"నాదేనయ్యా. రెండోది. దీనికోసమే పెట్టించారు" అంది.

ఆ రెండో మెయిలు తెరవబోతే, దాని పాస్‌వర్డూ పోయిన ఫోన్‌లోనే దాచి ఉంది. దాన్ని రాబట్టుకోవడానికి ఇచ్చిన మెయిలు ఏదనుకున్నారు? మొదటిదే! పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఒకదాని కోడ్ ఒకదానికి పోతూ రెండూ హాయిగా తలుపులేసుకు కూర్చున్నాయి.

మర్నాడు ఆధార్ కార్డు పట్టుకెళ్ళి డూప్లికేట్ సిమ్ తెచ్చుకుంది. గంటలో టవర్ వచ్చింది, ఫోన్లు మాట్లాడింది. ఓటీపీ మాత్రం రాలేదు. సిమ్ పాడైందేమోనని మళ్ళీ పరిగెత్తబోయింది గానీ, పాడవలేదు. మన దేశంలో సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. మన పేరున ఇంకెవడో దొంగ సిమ్ తీసుకుని బ్యాంకు ఓటీపీలు లాగకుండా టెలికాం శాఖ పెట్టించిన నియమం అది. మంచి నియమమే. కానీ మీ అకౌంటుకి ఆ నంబరొక్కటే దిక్కయితే, సిమ్ చేతికొచ్చాక కూడా ఒక పూర్తి రోజు బయటే నిలబడాలి. ఆ రోజంతా ఫోన్ అవతలివాడి చేతిలో ఉంటుంది.

అలాగని రికవరీ నంబరుగా సొంత నంబరు ఇవ్వొద్దా అంటే, నేనైతే ఇవ్వమనే అంటాను. కారణం చెబుతా. ఆ నంబరు పోయినా ఒకటి రెండు రోజుల్లో చట్టప్రకారం తిరిగి మీ చేతికొస్తుంది. అయితే ఒక షరతు: సిమ్ మీ పేరున ఉండాలి. నవ్వకండి! తమ్ముడి ఆధార్ మీద తీసుకున్న సిమ్, కాలేజీ రోజుల్లో నాన్నగారి పేరున తీసుకున్న సిమ్, ఇలాంటివి ఏ ఇంట్లో లేవు? డూప్లికేట్ కావాలంటే ఎవరి పేరున ఉందో వాళ్ళే దుకాణానికి రావాలి. నాన్నగారు కాలం చేసి ఉంటే ఆ తిరుగుడు వేరే. మీ పేరున ఏయే నంబర్లున్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మీ పేరునే ఉందని ఖాయంగా తెలిసిన నంబరుతో అందులోకి వెళ్ళండి. మీరు రోజూ వాడే నంబరు అక్కడ కనపడకపోతే అది ఇంకెవరి పేరునో ఉందన్నమాట.

ఇంకో మాట. ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లున్నాయి కదా, రెండోది రికవరీకి ఇచ్చానని ధీమాగా చెప్పేవాళ్ళున్నారు. ఫోన్ పోతే రెండూ కలిసే పోతాయి కదండీ!

ఇక మెయిలు. నా లెక్కలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. నంబరు మీది కాబట్టి, మెయిలు మీ ఫోన్‌తో సంబంధం లేనిది కావాలి. భార్యదో, భర్తదో, పెద్ద కూతురిదో, వాళ్ళ ఫోన్‌లో రోజూ తెరుచుకునే మెయిలు ఇవ్వండి. మా వదిన అప్పుడు హైదరాబాదులో ఉన్న కూతురి మెయిలు ఇచ్చి ఉంటే, బస్సు దిగిన పావుగంటకే కూతురు ఫోన్‌లో కోడ్ చదివి చెప్పేది, ఫోన్‌కి తాళం పడేది. అయితే ఆ కోడ్ చూడగలిగినవాళ్ళు మీ అకౌంటులోకి వెళ్ళడానికీ ప్రయత్నించగలరు. అందుకని ఆ మనిషి మీ ఉత్తరాలు చదివినా ఫరవాలేదనుకునేవాళ్ళయి ఉండాలి. ఆఫీసు మెయిలూ, కాలేజీ మెయిలూ వద్దు. ఉద్యోగం మానిన రోజునే అవి మూతపడతాయి.

వేరేవాళ్ళది ఇవ్వడం ఇష్టం లేక సొంతానికే రెండో మెయిలు పెట్టుకుంటారా, పెట్టుకోండి. కానీ దాని పాస్‌వర్డు ఇంట్లో డైరీలో రాసి ఉండాలి, అప్పుడప్పుడూ దాన్ని తెరుస్తుండాలి. రెండేళ్ళు ముట్టుకోని సొంత అకౌంట్లను గూగుల్ తీసేయొచ్చు. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇది. ఆపదకని దాచిన మెయిలు ఆపద వచ్చేసరికి ఉండకపోవచ్చు.

మీ ఏర్పాటు గట్టిదో కాదో తెలుసుకోవడానికి ఓ పరీక్ష ఉంది. ఫోన్ పక్క గదిలో పెట్టి, ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకుని మీ రికవరీ మెయిలు తెరవడానికి ప్రయత్నించండి. మధ్యలో ఎక్కడైనా పక్క గదిలోంచి టింగుమని మీ ఫోన్ మోగిందంటే, కోడ్ దానికే పోయిందన్నమాట. మెయిలు మార్చుకోండి. నిజంగా పోయిన రోజున మాత్రం నెట్ సెంటరుకి పరిగెత్తకండి. మీరు ఇంతకుముందు ఆ అకౌంటు తెరిచిన ల్యాప్‌టాప్ మీదే, ఇంటి వైఫై మీదే g.co/recover తెరవండి. అలవాటైన యంత్రం, అలవాటైన చోటు అయితే గూగుల్ తొందరగా నమ్ముతుంది.

అమెరికాకో దుబాయికో వెళ్ళే పిల్లలున్న ఇళ్ళకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ఇక్కడి నంబరు రికవరీకి ఇచ్చి, అక్కడికెళ్ళాక రీచార్జి మానేస్తారు. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ నంబరు ఆగిపోవచ్చు. ఆగిన నంబరును కనీసం మరో 90 రోజుల వరకూ కొత్తవాళ్ళకి ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత ఇస్తారు. అప్పుడు మీవాడి కోడ్ ఏ ఊళ్ళోనో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌లో మోగుతుంది. విమానం ఎక్కేముందే ఆ సిమ్‌ను అమ్మ దగ్గరున్న బటన్ల ఫోన్‌లో వేసి వెళితే సరిపోతుంది. ఓటీపీకి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు కదా. రీచార్జి మాత్రం మర్చిపోకూడదు. అక్కడి నంబరుకే మారదామనుకుంటే, ఇక్కడి సిమ్ పనిచేస్తుండగానే మార్చాలి. మార్చిన తర్వాత కూడా వారం రోజులపాటు పాత నంబరుకే కోడ్ పంపించుకునే వీలు గూగుల్ ఇస్తుంటుంది. ఫోన్ కొట్టేసినవాడు మీ నంబరు తీసి తన నంబరు పెట్టేసినా, మీకు అక్కరకొచ్చేది ఆ వారమే.