పదిహేను మార్కులు వచ్చాక

ముప్పై నాలుగేళ్ల ఆవిడ. బట్టలు కుట్టి ఇల్లు నడుపుతుంది. వేరేచోట నింపిన జీఏడీ-7 కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. కింద 15 అని రాసి, చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన ‘తీవ్ర ఆందోళన’ అని రాశారు. నిద్రమాత్రలు కూడా మొదలుపెట్టారు.

స్పిట్జర్, క్రోంకీ మొదలైనవారు 2006లో ప్రచురించిన ప్రశ్నావళి ఇది. గడచిన రెండు వారాల్లో కంగారు, ఆపుకోలేని దిగులు, రకరకాల విషయాల మీద అతిగా ఆలోచించడం, స్థిమితపడలేకపోవడం, ఒకచోట కూర్చోలేకపోవడం, చిరాకు, ఏదో కీడు జరుగుతుందన్న భయం ఎన్ని రోజులు వేధించాయని అడుగుతుంది. అసలు లేకపోతే 0, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 21. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం అని లెక్క.

నేను మొత్తం కంటే ముందు ఏడు జవాబులూ విడివిడిగా చూస్తాను. ఆవిడ కాగితంలో కంగారుకు 3, స్థిమితం లేకపోవడానికి 3, కుదురు లేకపోవడానికి 3, చిరాకుకు 3. దిగులు, అతి ఆలోచన, కీడు భయం మూడింటికీ ఒక్కొక్కటే. మనసులో దిగులు తక్కువ, ఒంట్లో అలజడి ఎక్కువ. “దేని గురించమ్మా బెంగ?” అంటే కాసేపు ఆలోచించి, “ప్రత్యేకంగా ఏమీ లేదండీ. చెయ్యి వణికి సూదిలో దారం ఎక్కట్లేదు, అదే భయం” అంది.

చెయ్యి పట్టుకుంటే వెచ్చగా, చెమటగా ఉంది. ఆందోళనతో వచ్చేవారి చేతులు ఎక్కువగా చల్లబడి ఉంటాయి. కాసేపు పడుకోబెట్టి చూసినా నాడి 112. వేళ్లు చాపితే సన్నని వణుకు. ఆకలి బాగానే ఉంది, తింటోంది, అయినా జాకెట్లు వదులయ్యాయి. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ దాదాపు లేనట్టే ఉంది, ఫ్రీ టీ4 బాగా పెరిగింది. కార్బిమజోల్, గుండె దడకు ప్రొప్రనలాల్ ఇచ్చాం. థైరాయిడ్ అదుపులోకి వచ్చాక అదే ప్రశ్నావళి మళ్లీ నింపిస్తే 4 వచ్చింది. మొదట వచ్చిన 15 అబద్ధం కాదు. ఆవిడ పడ్డ బాధంతా నిజమే. అది ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడం మాత్రం ఆ అంకెకు చేతకాదు.

థైరాయిడ్ పక్కన పెట్టినా 10 దాటడమంటే జబ్బు నిర్ధారణ అయినట్టు కాదు. ఈ ప్రశ్నావళిని తయారుచేసిన అధ్యయనంలోనే, అమెరికాలో మామూలు క్లినిక్కులకు వచ్చినవారిలో, జనరలైజ్డ్ యాంగ్జైటీ ఉన్నవారు నూటికి ఏడెనిమిది మంది. 10ని గీతగా పెట్టుకుంటే జబ్బున్న వందమందిలో 89 మందిని పట్టింది, జబ్బు లేని వందమందిలో 82 మందిని వదిలేసింది. వినడానికి బాగానే ఉంది కదా. వెయ్యిమంది వచ్చారనుకుని లెక్కేయండి. జబ్బున్న 76 మందిలో 68 మంది గీత దాటుతారు. జబ్బు లేని 924 మందిలోనూ సుమారు 166 మంది దాటుతారు. అంటే గీత దాటిన ప్రతి పదిమందిలో ఏడుగురికి ఆ జబ్బు లేదు. వాళ్లలో కొందరిది డిప్రెషన్, కొందరిది పానిక్, కొందరిది ఇంట్లో వచ్చిపడ్డ కష్టం. పైగా కాగితం అడిగేది రెండు వారాల సంగతి. జబ్బు అని పేరు పెట్టాలంటే ఆరు నెలలుగా ఎక్కువ రోజులు దిగులు ఉండి, దానివల్ల పనీపాటా దెబ్బతిని ఉండాలి. అది కూర్చోబెట్టి అడిగి తెలుసుకోవాల్సిందే.

అంకె పెద్దదైతే కనీసం ఎవరో ఒకరు పట్టించుకుంటారు. నాకు ఎక్కువ గుబులు చిన్న అంకెలతోనే. యాభై దాటిన రైతు ఒకాయనకు 5 వచ్చింది. కొడుకు పక్కన నిలబడి ప్రశ్నలు చదువుతుంటే, “భయమా? నాకెందుకు భయం!” అంటూ చాలావాటికి సున్నాలే వేయించాడు. అప్పటికే గుండెదడ, గ్యాస్, నరాల బలహీనత అంటూ మూడుచోట్ల ఈసీజీ తీయించుకున్నాడు, అన్నీ బాగున్నాయి. కొడుకును బయట కూర్చోమని, “దడ వచ్చినప్పుడు ఏమవుతుంది పెద్దాయనా?” అని అడిగాను. ఉన్నట్టుండి ఊపిరాడదట, చేతులు తిమ్మిరెక్కుతాయట, పది నిమిషాలు ప్రాణం పోతున్నట్టే ఉంటుందట. మళ్లీ వస్తుందేమోనని పొలానికి ఒంటరిగా వెళ్లడం మానేశాడు. పానిక్ డిజార్డర్ అది. ఉన్నట్టుండి వచ్చిపోయే దడ గురించి ఆ ఏడింటిలో ఒక్క ప్రశ్న కూడా లేదు. మందుతోపాటు, దడ వచ్చినప్పుడు పారిపోకుండా నిలబడడం నేర్పాం. ఆయన కోలుకుంటున్నాడా లేదా అన్నది చూడడానికి మార్కులు వేయించలేదు. వచ్చినప్పుడల్లా పొలానికి ఒక్కడివే వెళ్లావా, ఎంత దూరం వెళ్లావు అని అడిగి, కేస్‌షీటులో అదే రాసుకుంటున్నాను.