అంతరాయాలకే ముందు గడి

హైటెక్ సిటీ ఆఫీసుల్లో టైమ్ బ్లాకింగ్ మొదలుపెట్టేవాళ్లు చాలామంది క్యాలెండర్‌ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనులతో నింపేస్తారు. పక్క సీటు నుంచి "అన్నా, ఒక్క నిమిషం" అనగానే ఒక గడి జరుగుతుంది, దాని వెనక అన్నీ జరుగుతాయి. మధ్యాహ్నానికి ఆ క్యాలెండర్‌ని ఎవరూ చూడరు.

నా మటుకు నేను ముందు అంతరాయాలకే గడులు పెడతాను. ఎవరు ఎప్పుడొస్తున్నారో వారం పాటు కాగితం మీద రాసుకుంటే వేళలు తెలిసిపోతాయి. మా దగ్గర స్టాండప్ అయ్యాక టెస్టింగ్ వాళ్లు, లంచ్ తర్వాత జూనియర్లు వస్తారు. అందుకే 11:30 నుంచి 12:15, మళ్లీ 3:30 నుంచి 4:15 అందరికీ వదిలేశాను. మా కాల్స్ ఉండే న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాబట్టి అటు కాల్స్ లేని 9:30-11:00 కోడ్‌కి.

ఆ గంటన్నర ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో ఉంటుంది. ఐఫోన్‌లో 'రిపీటెడ్ కాల్స్' ఆన్ చేస్తే, అదే మనిషి మూడు నిమిషాల్లోపు రెండోసారి చేసినప్పుడు మోగుతుంది. అర్జెంటైతే వెంటనే రెండోసారి చేయమని ఇంట్లో చెప్పాను. ఎవరైనా సీటు దగ్గరికొస్తే ఆగిన లైన్ దగ్గర తర్వాత ఏం చేయాలో ఒక ముక్క రాసి, అప్పుడే తలెత్తుతాను.

ప్రొడక్షన్ సపోర్ట్ డ్యూటీ ఉన్న వారం ఇది నడవదు, ఆ వారం పెద్ద పని పెట్టుకోను. మామూలు వారంలోనూ వదిలిన గడి ఖాళీగా ఉండి, జనం కోడ్ వేళే వస్తుంటే, ఆ గడి తప్పు చోట ఉన్నట్టు. జనం వచ్చే వేళకే దాన్ని జరపాలి.