పైసలు పోయిన తొవ్వ

మోసపోయిన మనిషి కథను ఎప్పుడూ నమ్మకం దగ్గరే మొదలుపెడతాడు. "మస్తు మర్యాదగ మాట్లాడిండు అత్తా. ఆర్మీల చేస్త అన్నడు, ఐడీ కార్డు సుత పెట్టిండు" అని మా మేనల్లుడు కూడా అక్కడే మొదలుపెట్టాడు. దేవరకొండ దగ్గర ఊరు వాళ్లది. బిడ్డ నల్లగొండలో డిగ్రీలో చేరింది, బస్సుల కోసం ఎదురుచూడలేక సెకండ్ హ్యాండ్ స్కూటీ అడిగింది. ఫోన్లో ప్రకటన కనబడింది, ధర బయట చెప్పేదాంట్లో సగం. అమ్మేవాడు తనకు బదిలీ అయిందని, బండి మిలిటరీ పార్సిల్లో ఇంటికే వస్తదని చెప్పాడట. ముందు బుకింగ్‌కు 2,100, తర్వాత జీపీఎస్ చార్జీ అని 9,500, ఆ తర్వాత బండి అందగానే తిరిగిచ్చే డిపాజిట్ అని 18,400. మొత్తం 30,000. నాలుగోసారి అడిగేసరికి గాని అనుమానం రాలేదు.

ఈ ఆర్మీ వేషం కొత్తది కాదు. యూనిఫాం ఫొటో, ఎవరిదో దొంగిలించిన గుర్తింపు కార్డు, పార్సిల్ రసీదు, అన్నీ తయారుగా పెట్టుకొని కూర్చుంటారు. అందుకే ఆ కథ వినడానికి నాకు మనసొప్పలేదు. బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనదాన్ని. నాకు కావలసింది అతని కథ కాదు, పైసల కథ. అది చివరినుంచి మొదలవుతుంది: ఆఖరి రూపాయి ఎన్నింటికి పోయింది, ఏ నంబరు మీద పోయింది?

అప్పటికి ఆఖరి చెల్లింపు జరిగి అరగంట కూడా కాలేదు. 1930కి ఫోన్ కలిపి అతని చేతికిచ్చాను. అవతలివాళ్లు కూడా ఆర్మీ సంగతి అడగలేదు. ఏ బ్యాంకు, ఖాతా నంబరెంత, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, ట్రాన్సాక్షన్ నంబరు చెప్పమన్నారు. మనవాడికి కొంచెం చిన్నతనమైంది. ఇంత మోసం జరిగితే ఒక్క మాటైనా ఓదార్పు లేదే అని.

వాళ్ల తొందరకు కారణముంది. దొంగ చెప్పిన ఖాతా దొంగది కాదు. కమీషన్‌కు ఆశపడి ఎవరో అమాయకుడో, అంత అమాయకుడు కానివాడో ఇచ్చిన అద్దె ఖాతా. అక్కడ పడిన పైసలు నిమిషాల్లో రెండు మూడు ముక్కలై వేరే బ్యాంకుల ఖాతాల్లోకి పోతాయి, అక్కడినుంచి ఏటీఎంలో నోట్లవుతాయి. నోట్లయ్యాక చేసేదేమీ ఉండదు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన ఏర్పాటులో మన ఫిర్యాదు పైసలు పడిన బ్యాంకుకు నేరుగా చేరుతుంది. పైసలింకా అక్కడే ఉంటే ఆ మేరకు ఆపేస్తారు. ముందుకు పోయి ఉంటే, ఏ బ్యాంకుకు ఏ నంబరు మీద పోయాయో రాసి ఆ తర్వాతి బ్యాంకుకు పంపుతారు. ఒక్కో మెట్టునూ వాళ్ల భాషలో లేయర్ అంటారు. ఈ వేట మొత్తానికీ ఆధారం మొదటి మెట్టు మీద మనం చెప్పే నంబరే.

ఆ రోజు 2025 ఆగస్టు 14. మర్నాడు పంద్రాగస్టు, బ్యాంకు బంద్. మర్నాడు బ్రాంచికి పోయి మేనేజరుకు దరఖాస్తు పెడదామనే పాత అలవాటు నాకూ ఉంది. అట్లా ఆగి ఉంటే అంతే సంగతులు. 1930కి సెలవు లేదు.

నంబరు దగ్గర ఎక్కువమంది తడబడతారు. ఫోన్‌పేలో చెల్లింపు వివరాలు తెరిస్తే రెండు నంబర్లు కనిపిస్తాయి. T అక్షరంతో మొదలయ్యే పొడుగుదాని పేరు Transaction ID, అది ఆ యాప్ సొంత లెక్క. కింద UTR అని 12 అంకెలది ఇంకొకటుంటుంది. బ్యాంకులకు తెలిసింది ఇదే. గూగుల్ పేలో దీన్నే UPI transaction ID అంటారు. పొడుగ్గా ఉన్నదే అసలుదనుకొని మొదటిది చెబితే వేట ఆదిలోనే ఆగుతుంది. నేను అతని మూడు రసీదులూ తెరిచి చూశాను. మూడు యూటీఆర్‌లూ 5226తో మొదలయ్యాయి. 5 అంటే 2025లోని చివరి అంకె. 226 అంటే ఏడాదిలో 226వ రోజు, ఆగస్టు 14. యూపీఐ నంబర్లు మామూలుగా ఇట్లాగే మొదలవుతాయి కాబట్టి తొందరలో వేరే రోజు రసీదు పట్టుకుంటే అక్కడే తెలిసిపోతుంది. పోలీసువాళ్లు అడగకపోయినా నాకిట్లాంటి సరిచూపు లేనిదే నిద్రపట్టదు, బ్యాంకు అలవాటు.

ఫోన్ పెట్టేశాక ఎస్సెమ్మెస్‌లో ఫిర్యాదు నంబరు వచ్చింది. పని అయిపోయిందనుకొని మనవాడు లేచాడు. కూర్చోబెట్టాను. ఫోన్లో చెప్పింది పైసల్ని ఆపడానికి. 24 గంటల్లోపు `cybercrime.gov.in`లో మిగతా వివరాలు నింపితేగాని ఫిర్యాదు పూర్తి కాదు. మొబైల్ ఓటీపీతో లోపలికి పోయి, Financial Fraud కింద యూపీఐ మోసం ఎంచుకున్నాం. ఒక్కో చెల్లింపుకు ఒక్కో వరుస. మూడు కలిపి 30,000 అని ఒకే వరుసలో రాస్తే, 30,000కు సరిపోయే యూటీఆర్ ఏ బ్యాంకులోనూ ఉండదు.

తర్వాత ఏం జరిగిందో రాసే గడి. అతను చెబుతుంటే కూతురు టైపు చేసింది. మొదటి వాక్యం, "నాకు తెలియకుండా నా ఖాతానుంచి డబ్బులు కట్ అయినవి." ఆపు అన్నాను.

"తెల్వకుండ ఎట్ల పోయినయిరా? పిన్ ఎవరు కొట్టిన్రు?"

"నేనే కొట్టిన. గది రాస్తే తప్పు నాదంటరు గద అత్తా."

ఈ ఒక్క భయం ఎన్ని ఫిర్యాదుల్ని పాడుచేస్తుందో చెప్పలేను. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం ఒకటుంది. బ్యాంకు తప్పూ లేక, మన తప్పూ లేక, మనం చేయని చెల్లింపు జరిగితే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే మన మీద భారం పడదని. ఆ మాట ఎక్కడో విని, అందరూ తమ కేసును అందులో ఇరికించాలని చూస్తారు. పిన్ మనమే కొట్టిన చెల్లింపు అందులోకి రాదు. ఏ ఫోన్లోంచి పిన్ పడిందో బ్యాంకు దగ్గర రికార్డుంటుంది, అబద్ధం ఒక్కరోజు నిలవదు. అసలు సైబర్ ఫిర్యాదుకు ఆ అబద్ధంతో పనే లేదు. నమ్మించి కట్టించుకోవడమే చట్టంలో మోసం. పిన్ కొట్టానని రాస్తే నేరం తగ్గదు. తెలియకుండా పోయాయని రాస్తే మాత్రం విచారణ చేసేవాడు లేని యాప్ కోసం, లేని లింకు కోసం ఫోనంతా వెతుకుతాడు.

చివరికి రాసింది ఇది. ఆ గడిలో 200 అక్షరాలకు తగ్గకూడదు, @ లాంటి గుర్తులు పట్టవు, కాబట్టి వాడి యూపీఐ ఐడీ అనుమానితుడి వివరాల్లో పెట్టాం.

"14 ఆగస్టు 2025 ఉదయం 10 గంటల ప్రాంతంలో స్కూటీ అమ్మకం ప్రకటన చూసి అందులోని నంబరుకు ఫోన్ చేశాను. సైన్యంలో పనిచేస్తానని చెప్పి గుర్తింపు కార్డు ఫొటో పంపాడు. 11.52కు బుకింగ్ అని 2100, 12.09కి జీపీఎస్ చార్జీ అని 9500, 12.31కి డిపాజిట్ అని 18400 అడిగితే నేనే పిన్ కొట్టి పంపాను. 12.40కి మళ్లీ 12000 అడిగాడు. పంపలేదు. బండి రాలేదు. 12.55కు 1930కి ఫోన్ చేశాను."

ఇంతే. "మంచివాడనుకున్నా", "బిడ్డ ఏడుస్తున్నది" అన్నవన్నీ తీసేయించాను. అతనికి నచ్చలేదు, తన బాధ ఎక్కడా లేదన్నాడు. నిజమే, లేదు.

స్క్రీన్‌షాట్ల దగ్గర ఇంకో తంటా. అప్పటికే తీసి పెట్టుకున్నానని చూపించాడు. చెల్లింపుల జాబితా ఫొటో అది. పేరు, మూడు మొత్తాలు కనబడుతున్నాయి గాని యూటీఆర్ లేదు. ఒక్కో చెల్లింపు మీద నొక్కి లోపలి పేజీ తీయాలి. అందులో Banking Name అని ఖాతాదారుడి అసలు పేరు కూడా ఉంటుంది. చాటింగులో వాడు చెప్పుకున్న పేరొకటి, ఇక్కడ పడ్డ పేరు వేరొకటి. పిన్ కొట్టేముందు కూడా ఆ పేరు తెర మీదికి వచ్చే ఉంటుంది, కానీ అప్పుడెవరు చూస్తారు?

వాట్సాప్ స్క్రీన్‌షాట్లలో పైన "స్కూటీ సార్" అని ఉంది. నంబరును ఆ పేరుతో సేవ్ చేసుకున్నాడు. చూసేవాడికి స్కూటీ సార్ ఎవరో ఎట్లా తెలుస్తుంది? ప్రొఫైల్ తెరిచి నంబరు కనబడేటట్టు ఇంకొకటి తీశాం. మాటల మీద తేదీకి బదులు Today అని ఉంది. అదే పేజీని వారం తర్వాత తీస్తే తేదీయే పడుతుంది కదా అంటే, అప్పటిదాకా వాడు మెసేజీలు ఉంచుతాడా? ఇప్పుడొకటి తీసి, చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్నాం. అందులో ప్రతి మాటకూ తేదీ, సమయం ఉంటాయి. కోపంతో వాణ్ని బ్లాక్ చేసి చాట్ తుడిచేయబోయాడు, చేయి పట్టి ఆపాల్సి వచ్చింది.

పాలమూరు వైపు వలసపోయిన ఇళ్లలో ఈ ఆధారాలన్నీ ఒకే ఫోన్లో దొరకవు. ఖాతాకు కలిపిన నంబరు ముంబైలో మేస్త్రీ పనిలో ఉన్న భర్త దగ్గర, దొంగతో మాట్లాడిన ఫోను ఊళ్లో పిల్లవాడి దగ్గర. బ్యాంకు మెసేజి అక్కడ మోగుతుంది, మోసం ఇక్కడ జరుగుతుంది. అట్లాంటప్పుడు ఫోన్ల వెంట తిరగకుండా బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోవడం మేలు. యూపీఐ వరుసలో ఆ 12 అంకెలు అందులోనూ ఉంటాయి.

మా వాడి పైసల్లో రెండో లేయర్ ఖాతాలో 16,900 ఆగింది. మిగతాది అప్పటికే ఏటీఎంలోంచి వెళ్లిపోయింది. ఆగినంత మాత్రాన తిరిగి చేతికి రాదు, అప్పట్లో కోర్టు ఉత్తర్వు కావాల్సి ఉండేది. పాత చట్టంలో 457, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 503వ సెక్షన్. తెలంగాణలో 2024నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థ కలిసి ఈ దరఖాస్తుల్ని లోక్ అదాలత్‌లో తీర్చడం మొదలుపెట్టాయి, కాబట్టి చిన్న మొత్తానికి వకీలును పెట్టుకొని తిరిగే బాధ తగ్గింది. పోలీసులు ఫోన్ చేసి పిలిచేదాకా ఆ ఖాతా మూసేయొద్దని, సిమ్ మార్చొద్దని చెప్పాను.

ఈలోపు ఇంకొక ఫోన్ వచ్చింది. సైబర్ సెల్ నుంచట. ఫిర్యాదు చేసిన సంగతి తెలుసట, 1,500 ప్రాసెసింగ్ ఫీజు కడితే 30,000 సాయంత్రానికి వేస్తారట. ఆగింది 16,900 అయితే 30,000 ఎట్లా వేస్తారని అడిగాడు మనవాడు. అవతల ఫోన్ పెట్టేశారు. ఈసారి పైసలు పోలేదు కాబట్టి అది సంచార్ సాథీలో చక్షు అనే విభాగానికి పంపాల్సిన ఫిర్యాదు. నంబరు, సమయం, కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తనే పెట్టుకొని నాకు ఫోన్ చేశాడు. ఏం రాశావురా అంటే చదివి వినిపించాడు. నాలుగే వాక్యాలు.