ఎడం ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలి?

బేగం బజార్‌లో లెక్క రానివాళ్లు తక్కువ. టన్నుల్లో వచ్చిన బాదంపప్పుని కిలోల్లో అమ్మి, సాయంత్రానికి పైసాతో సహా తేల్చేస్తారు. ఆ ఇళ్ల ఆడవాళ్లే నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఒక లెక్క దగ్గర తడబడతారు. పెద్దాపరేషన్ అయ్యాక రెండో బిడ్డకి ఎంత ఎడం ఉండాలని అడిగితే, ‘రెండేళ్లు’ అని ఠక్కున చెబుతారు. ఆ రెండేళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయంటే, ఇద్దరి పుట్టినరోజుల మధ్య అంటారు. నేను చెప్పేది మొదటి కాన్పు నుంచి రెండో గర్భం నిలిచేదాకా. రెండింటికీ తేడా తొమ్మిది నెలలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో జెనీవాలో నిపుణులను కూర్చోబెట్టి ఖరారు చేసిన 24 నెలల సలహా కూడా కాన్పు నుంచి గర్భం నిలిచేదాకానే. అంటే పిల్లల మధ్య దాదాపు రెండేళ్ల తొమ్మిది నెలలు.

ఫీల్‌ఖానా వైపు ఒక డ్రైఫ్రూట్ గోదాము పైన అద్దెకుండే అమ్మాయి ఒకతె ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. భర్త ఓ హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. పాపకు దగ్గు అని వచ్చారు గానీ, అత్తగారు మాటల మధ్యలో ‘దీనికి పొద్దుగాల లేవంగనే కడుపుల తిప్పుతున్నది డాక్టరమ్మా, పైత్యమేమో’ అంది. పరీక్ష చేయిస్తే రెండు గీతలు. అమ్మాయి నమ్మలేదు. ‘కాన్పు అయినంక ముట్టే రాలేదు గద మేడం, కడుపెట్ల నిలుస్తది?’

ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. అందులో సగం నిజం ఉంది కాబట్టే అది ప్రమాదకరం. బిడ్డకు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టకుండా, రాత్రీ పగలూ పాలిస్తూ, నెలసరి రాకుండా ఉండి, బిడ్డకు ఆరు నెలలు నిండకపోతే గర్భం నిలిచే అవకాశం నిజంగానే చాలా తక్కువ. ఈ షరతుల్లో ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోతుంది. ఈ ఇంట్లో అయిదో నెలలో అన్నప్రాశన చేసి ఉగ్గు మొదలుపెట్టారు. పాలు తాగడం తగ్గింది, అండం విడుదలైంది. నెలసరి వచ్చేది అండం విడుదలైన రెండు వారాలకు. కాబట్టి మొదటి నెలసరి కనబడకుండానే గర్భం నిలవచ్చు. స్కాన్‌లో పది వారాలు తేలింది. గర్భం నిలిచేనాటికి పాపకు ఆరు నెలలన్నమాట. రెండో బిడ్డ పుట్టేనాటికి పదిహేను నెలలు ఉంటుంది.

ఆ స్కాన్‌లో నేను మొదట చూసేది బిడ్డ గుండె కాదు, సంచి ఎక్కడ కూర్చుందన్నది. సిజేరియన్ అయిన గర్భసంచిలో ఒక్కోసారి, చాలా అరుదుగానే, పిండం పాత కోత గాడిలోనే పాతుకుంటుంది. మూత్రాశయానికీ పిండం సంచికీ మధ్య కండరం సరిగా ఉందా, కాగితంలా పలచబడిందా అన్నది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బాగా తెలుస్తుంది. ఈమెకు పైభాగంలోనే కూర్చుంది, బెంగ లేదు. ఇది చూడకుండా మందుల దుకాణంలో అబార్షన్ మాత్రలు కొనుక్కుని మింగేవాళ్లున్నారు. పిండం కోతలో పాతుకుని ఉంటే ఆ మాత్రలకు మొదలయ్యే రక్తస్రావం ఆగదు.

భర్త ఆ ప్రశ్నే అడిగాడు, తల దించుకుని. ‘తీపించుకుంటె మంచిదా?’ ఎడం తక్కువైనంత మాత్రాన గర్భం తీసేయాలని వైద్యంలో ఎక్కడా లేదు. వద్దనుకుంటే చట్టం ఒప్పుకుంటుంది. 2021 సవరణ తర్వాత, గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భానికీ 20 వారాలదాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. కానీ నిర్ణయం ఆమెది, ఆయనదీ నాదీ కాదు. రెండు రోజులు ఆలోచించి ఉంచుకుంటానంది.

ఇక నాకు కావలసింది మొదటి ఆపరేషన్ కాగితం. పురుడు పుట్టింట్లో జరగడం మన ఆచారం కాబట్టి ఆ కాగితం ఎప్పుడూ పుట్టింట్లోనే ఉంటుంది, బీరువాలో చీరల కింద. వాళ్లమ్మ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. చూసుకోవలసినవి మూడు. కోత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా పెట్టారా, నిలువుగా పెట్టారా? కోత పక్కకి చిరిగిందా? తర్వాత జ్వరం, చీము పట్టాయా? ఈమెకు రాత్రంతా నొప్పులొచ్చి ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే కోశారు. అడ్డకోతే, చిరగలేదు. నిలువు కోత ఉండి ఉంటే మేం మాట్లాడుకునే తీరే మారిపోయేది.

అత్తగారు మాత్రం ‘కుట్లు మంచిగనే మానినయ్ గద’ అని కోడలి చీర కుచ్చిళ్ల దగ్గర చూపించింది. పైన చర్మం మీది గీత లోపలి కోత గురించి ఏమీ చెప్పదు. కాన్పు అయిన పూట గర్భసంచి బరువు సుమారు కిలో ఉంటుంది. ఆరు వారాల్లో వంద గ్రాముల లోపుకి కుంచించుకుపోతుంది. సాగిపోయిన గోడకు వేసిన కుట్లు, అది ముడుచుకుపోతుండగా మానాలి. అంచుల మధ్య మొదట పుట్టేది మచ్చ కణజాలం. దాంట్లోకి కండరం చేరి, అది గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఎమ్మారై తీసి చూసినవాళ్లు గోడ పొరలు మళ్లీ విడివిడిగా కుదురుకోవడానికి కనీసం ఆరు నెలలు పట్టినట్టు గమనించారు. తర్వాతి గర్భంలో ఏడో నెల దాటాక సాగి పలచబడేది సరిగ్గా ఆ కింది భాగమే. నొప్పులొస్తే ఒత్తిడి పడేదీ దాని మీదే.

బోస్టన్‌లో షిప్, ఆయన సహచరులు 2001లో ప్రచురించిన అధ్యయనం మాకు బాగా పనికొస్తుంది. సిజేరియన్ తర్వాత సహజ కాన్పుకి ప్రయత్నించిన 2,409 మందిని చూశారు. రెండు కాన్పుల మధ్య 18 నెలలు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో వందకు 2.25 మందికి పాత కోత చిట్లింది. 19 నెలలు, ఆపైన ఉన్నవాళ్లలో 1.05 మందికి. చాలామందికి ఏమీ కాలేదన్నదీ, ముప్పు రెట్టింపయిందన్నదీ రెండూ నిజమే. ఇక్కడి 18 కాన్పు నుంచి కాన్పుకి లెక్కని గమనించాలి. గర్భం నిలిచేనాటికి లెక్కిస్తే తొమ్మిది నెలలే. మరి మేం ఏడాదిన్నర, రెండేళ్లు ఆగమని ఎందుకంటామంటే, ఎడం కుట్ల కోసం ఒక్కటే కాదు.

రెండో కారణం రక్తం. సిజేరియన్‌లో అర లీటరు నుంచి లీటరు దాకా పోతుంది. ఆ తర్వాత పాలివ్వడం, నిద్ర లేకపోవడం, అందరూ తిన్నాక మిగిలింది తినడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పు తర్వాత కూడా 180 రోజులు ఐరన్ మాత్రలు ప్రభుత్వమే ఇస్తుంది గానీ, బాలింత మింగుతోందా అని అడిగే దిక్కుండదు. కింద గోదాము నిండా ఖర్జూరం, కిస్‌మిస్ బస్తాలు. పైన ఈ అమ్మాయికి హిమోగ్లోబిన్ 8.4. ఎడం లేని గర్భంలో బిడ్డ నెలలు నిండకుండా పుట్టడానికీ, బరువు తక్కువగా ఉండడానికీ ఈ ఖాళీ ఖజానా కూడా ఒక కారణం. ఏడో నెలలో నరం ద్వారా ఐరన్ ఎక్కించి 10.2కి తెచ్చాం.

సహజ కాన్పు చేద్దామా అని ఆమే అడిగింది. సిజేరియన్ అయినవాళ్లకు సహజ కాన్పు కుదరదనడం తప్పు. బొగ్గులకుంటలో 1948 నుంచీ ఉన్న ఫెర్నాండెజ్ ఆస్పత్రి లాంటి చోట్ల అది జరుగుతూనే ఉంది. తగినవాళ్లను ఎంచుకుంటే నలుగురిలో ముగ్గురికి దాకా నెగ్గుతుంది. కానీ ఈమెకు మొదటిసారి నొప్పుల్లోనే ఆగిపోయింది, ఎడం పదిహేను నెలలే. ముప్పయి తొమ్మిదో వారంలో మళ్లీ కోద్దామనుకున్నాం. ఈలోగా నొప్పులొచ్చినా, కుట్ల దగ్గర విడవకుండా నొప్పి ఉన్నా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగకుండా రమ్మన్నాను. కోత చిట్లితే మొదట తెలిసేది చాలాసార్లు తల్లికి కాదు, బిడ్డ గుండె వేగం పడిపోతుంది. అప్పుడు చేతిలో ఉండేవి నిమిషాలే. పగలు ట్రాలీలు, ఆటోలు, హమాలీల మధ్య ఆ సందులోకి అంబులెన్స్ రావడం అసాధ్యం. అందుకని తొమ్మిదో నెల పడగానే ఆమెను ఆస్పత్రికి దగ్గర్లో చుట్టాలింట్లో ఉంచమన్నాను.

ముప్పయి ఏడో వారం దాటాక ఓ రాత్రి నొప్పులు మొదలయ్యాయి. గంటలోపే టేబుల్ మీదకి తీసుకున్నాం. పొట్ట తెరిచి మూత్రాశయాన్ని కిందికి జరిపేసరికి, పాత కోత ఉండాల్సిన చోట నాలుగు సెంటీమీటర్ల మేర కండరమే లేదు. పారదర్శకమైన పొర ఒక్కటే మిగిలింది. దాని వెనక ఉమ్మనీటిలో బిడ్డ జుట్టు కదులుతూ కనిపించింది. రక్తస్రావం లేదు. నొప్పులు ఇంకొన్ని గంటలు సాగితే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కత్తి దాదాపు వాడకుండానే పొర తెరుచుకుంది. మగపిల్లాడు, 2.4 కిలోలు, గట్టిగా ఏడ్చాడు. పలచటి అంచులు కత్తిరించి, మంచి కండరం దొరికేదాకా వెనక్కి వెళ్లి కుట్టాను. కుట్టే ముందు ఆ కోతలోంచే కాపర్-టీ వేశాం. దీనికి ఆమె ఎనిమిదో నెలలోనే ఒప్పుకుని సంతకం చేసింది.

అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. ముహూర్తం చూసుకుని కోయించుకునేవాళ్లూ అందులో ఉన్నారు. మొదటి కోతకి ఘడియలు లెక్కించే ఇళ్లలో రెండో గర్భానికి నెలలు లెక్కించేవాళ్లు కనబడరు. నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటుంది. టీకాల పట్టిక ప్రకారం బిడ్డ ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఆస్పత్రికి వస్తుంది. ఆ తర్వాత మళ్లీ తొమ్మిదో నెలలోనే. ఈ అమ్మాయికి గర్భం నిలిచింది సరిగ్గా ఆ మధ్య కాలంలో. పద్నాలుగో వారం సూది వేసినప్పుడు బిడ్డ బరువు చూశారు. తల్లిని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

నా క్లినిక్‌లో ఇప్పుడు పద్నాలుగో వారం టీకాకి వచ్చిన ప్రతి సిజేరియన్ తల్లినీ లోపలికి పిలుస్తాం. పాలు ఎలా ఇస్తోందో, ఐరన్ మింగుతోందో లేదో అడుగుతాం. కాపర్-టీ లేకపోతే, వారానికి రెండుసార్లు మొదలుపెట్టే ఛాయా మాత్రలా, మూడు నెలలకో అంతరా ఇంజెక్షనా తేల్చుకోమంటాం. అంతరా ఆపాక గర్భం నిలవడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చని ముందే చెబుతాం, లేకపోతే కంగారు పడతారు. తర్వాత బిడ్డ టీకా కార్డు మీదే, మూలన, ‘ఈ తేదీ తర్వాతే’ అని రాసిస్తాను. పుట్టినరోజు నుంచి ఏడాదిన్నరకు. మొన్న ముప్పయి ఏడేళ్లావిడకి మాత్రం ఏడాదికే రాశాను. ఆ వయసులో ఇంకో ఆరు నెలలు ఆగడం కుట్లకు చేసే మేలుకన్నా అండాలకు చేసే చెరుపే ఎక్కువ.