పైరవీ వేరు, పరిచయం వేరు



ఇయ్యాల డ్యూటీ లేదు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్న. చాయ్ పెట్టుకొని చదవండి.

నేను దుబాయిల ఏసీ స్పేర్ పార్టుల స్టోర్‌లో పని చేస్త. కౌంటర్ దగ్గర నిలబడేటోనికి అందరూ ఎరుకైతరు. టెక్నీషియన్లు వస్తరు, వాళ్ల మేనేజర్లు కూడా వస్తరు. అందుకే మన దిక్కు పిలగాండ్లు "అన్నా, నీకు తెలిసిన సార్‌కు నా సీవీ పంపవా" అని అడుగుతరు. చానా ఏండ్లు నేను అడిగినోళ్లవి, అడగనోళ్లవి కూడా పంపుకుంట పోయిన. మంచే చేస్తున్న అనుకున్న.

నాలుగేండ్ల కిందటి ముచ్చట. మా మండలం తమ్ముడు ఒకడు నా రూముల కూర్చొని మాటల మీద "ఈ కంపెనీల ఎదుగుదల లేదన్నా" అన్నడు. అంతే, తెల్లారి నాకు తెలిసిన ఒక సార్‌కు మెయిల్ కొట్టిన. సబ్జెక్టుల "సీవీ" అని పెట్టిన. లోపల "సార్, ఇతను మా ఊరి దిక్కు పిలగాడు, మస్తు కష్టపడతడు, మీ దగ్గర ఏదన్న ఖాళీ ఉంటే చూడండి" అని రాసిన. పాస్‌పోర్ట్ కాపీ కూడా జత చేసిన. తమ్మున్ని సీసీల పెట్టిన. సార్‌ను ముందు అడగలే, తమ్మున్ని కూడా అడగలే.

ఆ సార్‌కు తమ్ముని సూపర్‌వైజర్ దోస్తు. ఆయన మంచి మనసుతోనే ఫోన్ చేసి "నీ దగ్గర ఫలానా పిలగాడు ఎట్లుంటడు?" అని అడిగిండట. తెల్లారి సైట్ మీద తమ్మున్ని పిలిచి "వేరే కంపెనీ చూసుకుంటున్నవట?" అన్నరు. ఆ నెల మంజూరు కావాల్సిన వెకేషన్ వెనక్కి పోయింది. చెల్లె పెండ్లి వీడియో కాల్‌ల చూసిండు. నన్ను ఒక్క మాట కూడా తిట్టలే. "అన్నా, ఒక్కసారి అడిగి పంపొచ్చు కదా" అన్నడు, అంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటది.

తర్వాత కూర్చొని ఆలోచిస్తే అర్థమైంది. నేను చేసింది పరిచయం కాదు, పైరవీ. పైరవీల ఒకడు చెయ్యి చాపుతడు, ఇంకొకడు మొహమాటపడతడు. పరిచయంల ఇద్దరికీ పని ఉంటది, అది ఇద్దరికీ చదవంగనే తెలుస్తది.

పోయిన ఏడు జనవరిల అదే తమ్మునికి మళ్లొక అవకాశం వచ్చింది. ఈసారి ఎట్ల చేసిన్నో వివరంగ చెప్త.

ఒక మెయింటెనెన్స్ మేనేజర్ సార్ కండెన్సర్ ఫ్యాన్ మోటార్ల కోసం కౌంటర్‌కు వచ్చిండు. మలయాళీ. మాటల్ల తన తిప్పలు చెప్పిండు. ఆయన చేతిల రెండు బిల్డింగులు, రెండింటి మీద ఎయిర్ కూల్డ్ స్క్రూ చిల్లర్లు. పాత టెక్నీషియన్ ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోయిండు. ఎండాకాలం రాంగనే చిల్లర్లు హై ప్రెషర్ మీద ట్రిప్ అయితున్నయి, బయటి కాంట్రాక్టర్‌ను పిలిస్తే సాయంత్రందాక రాడు, అప్పటిదాక కిరాయిదార్ల ఫోన్లు ఆగవు. మన తమ్ముడు అప్పటికి మూడేండ్ల నుంచి అదే చిల్లర్ల మీద పని చేస్తుండు. ఒకనికి మనిషి కావాలె, ఇంకొకనికి స్థలం కావాలె. అయినా ఆ రోజు కౌంటర్ దగ్గర నోరు విప్పలే.

మొదలు తమ్మున్ని అడిగిన. మూడే ప్రశ్నలు: పరిచయం చెయ్యాల్నా వద్దా, నీ గురించి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పొద్దు. "కంపెనీ పేరు రాయకన్నా. కంపెనీ మెయిల్‌కు పంపకు, నా సొంత మెయిల్‌కే పంపు. జీతం ముచ్చట నేనే మాట్లాడుకుంట. కాంట్రాక్టుల నోటీసు 30 రోజులు, అది మాత్రం రాయి" అన్నడు. చూడండి, ఈ నాలుగు మాటలు నాలుగేండ్ల కింద అడిగి ఉంటే చెల్లె పెండ్లికి పోయెటోడు.

తర్వాత సార్‌కు వాట్సాప్ చేసిన. తమ్ముని పేరు లేదు, సీవీ లేదు. "సార్, మొన్న మీ చిల్లర్ల ముచ్చట చెప్పిన్రు. స్క్రూ చిల్లర్ల మీద మూడేండ్లు చేసిన మనిషి నాకు తెలుసు, 30 రోజుల నోటీసుతో రాగలడు. మెయిల్‌ల కలపాల్నా? ఇప్పుడు అక్కర లేకుంటే లేదనండి, ఆయనకు మీ పేరు కూడా చెప్పలే." ఈ చివరి మాట అన్నిటికంటే ముఖ్యం. మెయిల్‌ల ఇద్దర్నీ పెట్టినంక కాదనుడు ఎవరికైనా కష్టం. ముందే విడిగా అడిగితే సార్ కాదన్నా ఎవరి మొహం చిన్నబోదు. రెండు గంటలకు "పంపు" అని వచ్చింది. "ఒక్కటే మనవి సార్, మీరిద్దరూ ఒప్పుకునేదాక ఇప్పుడున్న కంపెనీకి ఫోన్ చెయ్యకండి" అన్న. సరే అన్నడు.

అప్పుడు మెయిల్ రాసిన. రాసింది ఇంగ్లీషులనే, మీ కోసం తెలుగుల చెప్తున్న. పేర్లు తీసేసిన.

సబ్జెక్టు: పరిచయం, స్క్రూ చిల్లర్ టెక్నీషియన్, మీ రెండు బిల్డింగుల ఎండాకాలం పని

"సార్, మీరు అడిగిన మనిషి ఈయనే. మూడేండ్లుగా ఎయిర్ కూల్డ్ స్క్రూ చిల్లర్ల మీద పని చేస్తున్నడు. హై ప్రెషర్ ట్రిప్ వస్తే ఊకె రీసెట్ కొట్టి పోయే మనిషి కాదు. కండెన్సర్ కాయిల్ దుమ్ము పట్టిందా, ఫ్యాన్ మోటార్ పోయిందా, గ్యాస్ ఎక్కువైందా అని వరుసగా చూస్తడు. మా కౌంటర్‌కు వచ్చినప్పుడు పాత పార్టు, దాని నేమ్ ప్లేట్ ఫొటో రెండూ తెస్తడు, అందుకే తప్పు పార్టు వాపసు వచ్చింది నేను చూడలే. సెంట్రిఫ్యూగల్ చిల్లర్ల మీద చేసిన అనుభవం లేదు. నోటీసు 30 రోజులు.

తమ్ముడూ, సార్ రెండు బిల్డింగుల మెయింటెనెన్స్ చూస్తరు. పాత టెక్నీషియన్ స్థలం ఖాళీగా ఉంది. చిల్లర్ ప్లాంటు మొత్తం ఒక్కని చేతికే ఇస్తరు. మనిషిని తీసుకునేది ఆయనే, నడుమ ఏజెంట్ లేడు. మే నెల లోపల మనిషి కావాలంటున్నరు.

తమ్ముడూ, రేపు నువ్వే సార్‌కు జవాబు రాసి, ఆరు దాటినంక ఖాళీగా ఉండే రెండు రోజులు చెప్పు. ఇక్కడి నుంచి నేను పక్కకు తప్పుకుంటున్న."

ఇంతే మెయిల్. ఇందుల నేను నేర్చుకున్నవి మూడున్నయి.

ఒకటి, సార్‌కు రాసిన పేరాల తమ్ముని అవసరం ఒక్కటి కూడా లేదు. అప్పులు, పిల్లల ఫీజులు, "పాపం" అనే మాట, ఏవీ లేవు. సార్‌కు పనికొచ్చేదే ఉంది. తమ్మునికి రాసిన పేరాల తమ్మునికి పనికొచ్చేదే ఉంది. రాసినంక ఇట్ల చూసుకోండి: పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి చదవండి. ఆ మాట ఇంకెవరికైనా అతికితే కొట్టేయండి. "కష్టపడతడు, నిజాయితీపరుడు" అనేది గల్ఫ్‌ల ఉన్న అందరికీ అతుకుతది. నేమ్ ప్లేట్ ఫొటో ముచ్చట ఆ ఒక్కనికే అతుకుతది.

రెండు, నాకు తెలిసిందే రాసిన. లేనిది లేదనే రాసిన. సెంట్రిఫ్యూగల్ మాట రాయాల్నా అని తమ్ముడు కొంచెం గునిసిండు. కానీ అది దాస్తే ట్రేడ్ టెస్టుల బయట పడతది, అప్పుడు వాని మాట, నా మాట రెండూ పోతయి. తర్వాత సార్ నాతోని అన్నడు, ఆ ఒక్క లైన్ చూసినంకనే మిగతాది నమ్మిండట.

మూడు, తర్వాతి అడుగు ఎవరిదో పేరు పెట్టి రాసిన. "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని వదిలేస్తే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చూస్తరు. సార్ "అవసరం వానిది కదా" అనుకుంటడు, తమ్ముడు "పెద్దోళ్లను నేనెట్ల కదిలిస్త" అనుకుంటడు. వారం గడిచినంక ఇద్దరికీ సిగ్గైతది. అందుకే పని కావాల్సినోడే ముందు రాయాలె.

జవాబు రాసేటప్పుడు నన్ను బీసీసీల వెయ్యమన్న. అట్ల వేస్తే వాడు రాసిండని నాకు తెలుస్తది, తర్వాత వాళ్లు రాసుకునేవి నాకు రావు. జీతం మాట్లాడుకునే కాడ నడుమ నేనెందుకు? నాలుగు రోజులైనా సార్ నుంచి ఏం రాకుంటే ఒక్కసారి గుర్తు చెయ్యి, రెండోసారి చెయ్యకు అని కూడా తమ్మునికి చెప్పిన. ఆ అవసరం పడలే. మూడో రోజు సార్ పిలిచిండు.

బిల్డింగు మీదికి తీసుకపోయి ట్రేడ్ టెస్ట్ పెట్టిన్రు. ఆఫర్ అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది. తమ్ముడు ఓవర్‌టైం లెక్క కాయితం మీద రాయించుకున్నడు, సరే అనుకున్నడు. నోటీసు 30 రోజులు పూర్తి చేసి, పాత కంపెనీల హిసాబు తీసుకొని, ఏప్రిల్‌ల చేరిండు. ఈసారి సూపర్‌వైజర్‌కు తనే ముందుగ, తన నోటితోని చెప్పిండు.

ఇంకొక ముచ్చట. చేరినంక తమ్ముడు కవర్ తెచ్చిండు. తీసుకోలే. మొహమాటం ఒకటే కాదు, ఈ దేశంల లైసెన్సు లేకుండ మనుషుల్ని పనికి కుదిర్చే దందా చేసుడు నేరం. పనిల పెట్టుకునే ఖర్చులు పనోని దగ్గర వసూలు చెయ్యొద్దని కూడా లేబర్ చట్టంల ఉంది. పైసలు ముట్టిన రోజు నేను ఏజెంట్‌నైత, నా మాటకు విలువ పోతది. "బిర్యానీ తినిపియ్యి" అన్న. తినిపిచ్చిండు.

ఈ నెల తమ్ముడు వెకేషన్ మీద పోతుండు. చెల్లెకు బిడ్డ పుట్టింది, ఇరవై ఒకటో రోజుకు అందుకుంటడు. టికెట్ ఫొటో నాకు పంపిండు. నేను జవాబు ఏం రాయలే, ఆ టికెట్ మీద తారీఖు మాత్రం రెండుసార్లు చూసిన.